వేధింపుల ఫిర్యాదుపై ఫలితం తెలిపే లేఖ ఎలా రాయాలి?

"మేడమ్, 'తగిన చర్య తీసుకున్నాం' అంటే ఏంటి? సోమవారం నుంచి నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి?"

హెచ్‌ఆర్‌లో చేరిన కొత్తలో నేను రాసిచ్చిన రెండు లైన్ల లేఖ చేతిలో పట్టుకుని ఒక కుర్రాడు అడిగిన మాట ఇది. అతను బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు ఇచ్చి, నెలన్నర పాటు విచారణ ఎప్పుడు తేలుతుందా అని ఎదురుచూశాడు. అతను అడిగిన రెండో ప్రశ్నకు సమాధానం నా దగ్గర ఉంది, కానీ లేఖలో లేదు. సూపర్‌వైజర్ గోప్యత ఎక్కడ దెబ్బతింటుందోనన్న భయంతో, ఫిర్యాదు చేసిన మనిషికి సంబంధించిన సంగతులు కూడా దాచేశాను. ఆ లేఖ ఎలా రాసి ఉండాల్సిందో ఆ కేసుతోనే చెబుతాను.

ముందు ఇది ఏ రకం ఫిర్యాదో తేల్చుకోండి

మహిళా ఉద్యోగి లైంగిక వేధింపుల మీద ఇచ్చిన ఫిర్యాదైతే దానికి 2013 నాటి చట్టం (అందరూ పోష్ చట్టం అంటారు) వర్తిస్తుంది. అక్కడ ఏం చెప్పాలన్నది మన ఇష్టానికి వదల్లేదు. విచారణ ముగిసిన 10 రోజుల్లో అంతర్గత కమిటీ తన నివేదికను యాజమాన్యానికి ఇవ్వాలి, అది ఇరుపక్షాలకూ అందాలి. సిఫార్సులు నచ్చకపోతే అప్పీలుకు 90 రోజుల గడువుంది. నివేదిక చూడకుండా ఆమె అప్పీలు ఎలా చేస్తుంది? కాబట్టి "గోప్యం" అని చెప్పి ఆమెకు నివేదిక ఆపేయడం తప్పు. ఆ చట్టంలోని 16వ సెక్షన్ ఆపేది వేరే సంగతి. ఫిర్యాదులో ఏముంది, ఎవరు ఎవరి మీద ఇచ్చారు, విచారణలో ఏం జరిగింది, ఏం చర్య తీసుకున్నారు అన్నవి జనానికి, పత్రికలకు, మీడియాకు తెలియజేయకూడదు అంటుంది.

మిగతా వేధింపులు, అంటే అందరి ముందు అవమానించడం, బూతులు తిట్టడం, పనిగట్టుకుని సతాయించడం లాంటివి కంపెనీ సొంత పాలసీ కిందికి వస్తాయి. మగ ఉద్యోగులు ఇచ్చే ఫిర్యాదులు కూడా సాధారణంగా ఇందులోనే పడతాయి. నివేదిక చేతికివ్వాలని చాలా పాలసీల్లో ఉండదు. అందుకే అసలు కష్టం ఇక్కడే వస్తుంది. ఇకపై చెప్పేదంతా ఈ రెండో రకం గురించి.

కాగితాన్ని రెండు భాగాలు చేయండి

లేఖ మొదలుపెట్టే ముందు నేనొక తెల్లకాగితం మధ్యలో గీత గీస్తాను. విచారణలో తెలిసిన ప్రతి సంగతినీ తీసుకుని ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది ఎవరి గురించిన సంగతి?

ఆ కుర్రాడి ఫిర్యాదులో మూడు ఆరోపణలున్నాయి. పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ "నీకిచ్చే జీతం దండగ" అని పదేపదే అరవడం ఒకటి. రాత్రి 11 దాటాక వాట్సాప్‌లో తిడుతూ వాయిస్ మెసేజ్‌లు పంపడం రెండోది. కావాలనే లీవ్ ఇవ్వకపోవడం మూడోది. మొదటి రెండూ రుజువయ్యాయి, మూడోది కాలేదు. సూపర్‌వైజర్‌కు హెచ్చరిక లేఖ ఇచ్చి, ఆ ఏడాది ఇంక్రిమెంట్ ఆపారు. విచారణలో ఆయన తన ఆరోగ్యం గురించి కొన్ని విషయాలు చెప్పుకున్నాడు. ముగ్గురు సహోద్యోగులు సాక్ష్యం చెప్పారు.

ఇప్పుడు గీతకు ఎడమవైపు కుర్రాడి సంగతులు వేయండి: అతను చేసిన ఆరోపణలు, వాటిలో ఒక్కోదానిపై ఏం తేలింది, ఎందుకలా తేలింది, ఇకనుంచి అతని ఉద్యోగంలో ఏం మారుతుంది. ఇవన్నీ అతనికి చెప్పాల్సినవే. కుడివైపు సూపర్‌వైజర్‌వి: ఏ శిక్ష, ఇంక్రిమెంట్ సంగతి, ఆరోగ్యం, ఇంతకుముందు ఆయన మీద ఫిర్యాదులున్నాయా లేదా. ఇవి లేఖలోకి రాకూడదు. సాక్షుల పేర్లు కూడా కుడివైపే. వాళ్లు మమ్మల్ని నమ్మి మాట్లాడారు, రేపు అదే సెక్షన్‌లో పనిచేసుకోవాలి.

గీత మీద పడేవి కొన్నుంటాయి. సీటు మారడం అలాంటిదే. సూపర్‌వైజర్‌ను వేరే ఫ్లోర్‌కు పంపితే అది అతనికి ఎలాగూ కనబడుతుంది. అప్పుడు వాక్యాన్ని ఫిర్యాదుదారు వైపు నుంచి రాయాలి. "ఆయన్ను ఆ బాధ్యత నుంచి తప్పించాం" అని కాదు, "మీరు ఇకపై ఆయనకు రిపోర్ట్ చేయనక్కర్లేదు" అని. జరిగింది ఒకటే అయినా, మొదటి వాక్యం చదివితే అదే శిక్ష అనిపిస్తుంది.

ఒక్కో ఆరోపణకూ విడిగా జవాబివ్వండి

లేఖలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి. "మీ ఫిర్యాదు పాక్షికంగా రుజువైంది" అని ఒక్క మాటతో సరిపెడితే, ఏది నమ్మారో ఏది నమ్మలేదో తెలియక ఆ మనిషి రాత్రంతా నలిగిపోతాడు. ఇలా రాయొచ్చు:

> మీటింగ్‌లో అందరి ముందు మిమ్మల్ని కించపరిచేలా మాట్లాడారని మీరు చెప్పారు. అక్కడున్న వారిని విచారించాక, మీరు చెప్పినట్టే జరిగిందని నిర్ధారణకు వచ్చాం. ఇది మా ప్రవర్తనా నియమావళికి విరుద్ధం.
>
> రాత్రివేళ మీకు వచ్చిన వాయిస్ మెసేజ్‌లను విన్నాం. వాటిలోని భాష ఆమోదయోగ్యం కాదని తేల్చాం.

సెక్షన్‌లో అయిదుగురే ఉంటే "ఇద్దరు సాక్షులు చెప్పారు" అన్నా ఎవరో తెలిసిపోతుంది. అందుకే పైన సంఖ్య కూడా వేయలేదు.

రుజువు కాని ఆరోపణ దగ్గర పెన్ను నెమ్మదిగా కదలాలి. రుజువు కాలేదంటే అబద్ధం చెప్పారని కాదు. ఇలాంటి విచారణలో చూసేది, ఉన్న ఆధారాలను బట్టి అలా జరిగి ఉండే అవకాశం ఎక్కువా, తక్కువా అన్నదే. లీవ్ విషయంలో రిజిస్టర్ తీసి చూస్తే, ఆ నెలాఖరు వారంలో సెక్షన్‌లో మరికొందరికీ లీవ్ ఇవ్వలేదు. ఆ మాట చెప్పాలి, వాళ్ల పేర్లు చెప్పనక్కర్లేదు:

> మీకు లీవ్ నిరాకరించిన మాట నిజం. అయితే అదే వారంలో నెలాఖరు పని వల్ల మరికొందరికీ లీవ్ ఇవ్వలేదని రికార్డుల్లో ఉంది. అది మిమ్మల్ని లక్ష్యంగా చేసుకుని తీసుకున్న నిర్ణయమని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. మీరు ఈ విషయాన్ని నిజాయితీగానే మా దృష్టికి తెచ్చారని మేం అంగీకరిస్తున్నాం.

ఆ చివరి వాక్యం నిజమైనప్పుడే రాయండి. నిజమైతే మాత్రం వదిలేయకండి. "ఆరోపణ నిరాధారం" అన్న రెండు మాటలు చూసి, తన మీదే ఎదురు చర్య తీసుకుంటారేమోనని వణికిపోయినవాళ్లను చూశాను.

చర్య గురించి ఎంతవరకు?

రుజువైన ఆరోపణపై చర్య తీసుకున్నామన్న మాట చెప్పొచ్చు, చెప్పాలి. అదేమిటో చెప్పకూడదు. ఎందుకు చెప్పడం లేదో కూడా రాయాలి, లేకపోతే పెద్దవాళ్లు పెద్దవాళ్లను కాపాడుకున్నారన్న అనుమానం మిగులుతుంది:

> రుజువైన అంశాలపై కంపెనీ క్రమశిక్షణా నియమాల ప్రకారం చర్య తీసుకున్నాం. ఏ ఉద్యోగిపై తీసుకున్న చర్య వివరాలైనా ఆ ఉద్యోగి ఫైలుకే పరిమితం. మీ ఫైలు విషయంలోనూ ఇదే పాటిస్తాం.

చర్య ఇంకా తీసుకోకపోతే "తీసుకున్నాం" అని రాయకండి. "కఠిన చర్య" అనీ వద్దు. ఆ విశేషణంతోనే సగం శిక్ష బయటపెట్టినట్టు అవుతుంది. పైగా మర్నాడు సూపర్‌వైజర్ క్యాంటీన్‌లో మామూలుగా టీ తాగుతూ కనబడితే మన లేఖ అబద్ధంలా కనిపిస్తుంది.

సోమవారం నుంచి ఏం మారుతుందో తేదీలతో రాయండి

ఆ కుర్రాడికి అసలు కావాల్సింది ఇదే. ఏ తేదీ నుంచి ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఈ ఏడాది అప్రైజల్ ఎవరు చేస్తారు, లీవ్ ఎవరిని అడగాలి, పనిమీద సూపర్‌వైజర్‌తో మాట్లాడాల్సి వస్తే ఏ దారిలో మాట్లాడాలి. ఫిర్యాదు చేశాడన్న కక్షతో ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో హోదా, ఫోన్ నంబరుతో ఇవ్వండి. విచారణపై అభ్యంతరముంటే ఎన్ని రోజుల్లో, ఎవరికి రాయాలో మీ పాలసీలో ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి.

చాలా లేఖల చివర "ఈ విషయం ఎవరితోనూ చర్చించరాదు" అని ఒక లైను ఉంటుంది. దాన్ని తీసేయండి. అతను ఇంట్లోవాళ్లతో, డాక్టరుతో, లాయరుతో మాట్లాడుకోవచ్చు. ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో లేఖను పంచొద్దని, ఎందుకు వద్దో చెప్పి కోరితే చాలు.

పంపే ముందు

లేఖను కొత్త ఫైల్‌లో టైప్ చేయండి. విచారణ నివేదికనే కాపీ చేసి అక్కర్లేనివి చెరిపేస్తే, ట్రాక్ ఛేంజెస్‌లో చెరిపినవన్నీ అలాగే ఉండిపోవచ్చు. పాత మెయిల్ కింద రిప్లయ్‌గా కూడా పంపొద్దు. మేనేజర్లతో మీరు శిక్ష గురించి చర్చించిన మెయిళ్లు ఆ చైన్‌లో ఉండొచ్చు. ఇక ఒకసారి సూపర్‌వైజర్ కళ్లతో చదవండి: ఈ కాగితం రేపు బయటికొస్తే, ఇందులో ఆయన సొంత సంగతి ఏదైనా ఉందా? తర్వాత కుర్రాడి కళ్లతో: ఇది చదివాక నన్ను ఏం అడుగుతాడు?

ఇద్దరికీ ఒకే రోజు చెప్పండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. సందేహమొస్తే రెండు రోజులు అడగడానికి ఎవరూ దొరకరు. మెయిల్‌లో పడేయకుండా కూర్చోబెట్టి చదవనివ్వండి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ సిబ్బంది అయితే లేఖ తెలుగులో ఉండాలి, అవసరమైతే మీరే చదివి వినిపించాలి.

అప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఆయన్ని ఏం చేశారు మేడమ్?" ఎదురుగా ఉన్న మనిషి బాధ చూసి, "ఇంక్రిమెంట్ ఆపేశార్లే, ఎవరికీ చెప్పకు" అనాలనిపిస్తుంది. లేఖలో రాయనిది నోటితోనూ చెప్పకూడదు. నేనైతే ఇలా అంటాను: "అది నేను చెప్పలేను బాబూ. నువ్వు చెప్పినవాటిలో రెండు నిజమని తేలాయి, అది రాతపూర్వకంగా నీ చేతిలో ఉంది. సోమవారం నుంచి నీకు ఇబ్బంది లేకుండా చూసే పూచీ మాది. నెల తర్వాత ఇదే రూములో మళ్లీ కూర్చుందాం." ఆ నెల తర్వాతి తేదీ, టైము అప్పటికే లేఖ చివర రాసి ఉంటుంది.