"అలేఖ్యా" అని పిలిస్తే అలెక్సా పలుకుతోందా? వంటింట్లో, కారులో వాయిస్ రొటీన్ల తంటాలు

సమస్య: ఎవరూ పిలవకుండానే స్పీకర్ పలుకుతుంది

ముందు ఏ మాటకు లేస్తోందో పట్టుకోవాలి. అలెక్సా యాప్‌లో `More`, అందులో `Alexa Privacy`, ఆ తర్వాత `Review Voice History` తెరవండి (యాప్ మారినప్పుడల్లా ఈ పేర్లు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి). స్పీకర్ ఏ టైముకు లేచిందో, ఏం విన్నదో అక్కడ ఉంటుంది. ఆ ఆడియో నొక్కి వినండి. అది టీవీలో మాటా, ఇంట్లోవాళ్ల మాటా అనేది అప్పుడే తేలిపోతుంది.

ఉదాహరణకు, ఇంట్లో అలేఖ్య అనే అమ్మాయి ఉందనుకుందాం. స్పీకర్ లేచినవన్నీ పొద్దున టిఫిన్ వేళ, రాత్రి భోజనాల వేళ. విని చూస్తే ప్రతిసారీ "అలేఖ్యా, రా!" అన్న కేకే. ఇందులో ఆశ్చర్యం లేదు. నిద్రలేపే మాటను కనిపెట్టే పని ముందుగా స్పీకర్‌లోనే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామ్ చేస్తుంది. దానికి అర్థంతో పనిలేదు, శబ్దం పోలికే చూస్తుంది. పిలిచేటప్పుడు పేరు చివర "ఆ" సాగుతుంది కదా, దాంతో రెండు పేర్లూ మరీ దగ్గరవుతాయి. తర్వాత సర్వర్లు మరోసారి సరిచూస్తాయి. లైటు ఒకసారి వెలిగి, ఏమీ పలక్కుండా ఆరిపోయిందంటే చాలాసార్లు అక్కడ పట్టుబడిందన్నమాట.

అమ్మాయి పేరు మార్చలేం కాబట్టి స్పీకర్ పేరే మార్చాలి. `Devices`లో మీ స్పీకర్‌ను ఎంచుకుని, సెట్టింగ్స్‌లో `Wake Word` నొక్కండి. వేరే మాటలు కొన్ని కనిపిస్తాయి. `Echo` చిన్నగా, ముద్దుగానే ఉంటుంది కానీ తెలుగు వంటింటికి నేను దాన్ని సిఫారసు చేయను. "ఉప్పు ఎక్కువైంది", "కారం ఎక్కువేశావు" అనని పూట ఉంటుందా? పార్సిళ్ల గురించి రోజూ మాట్లాడుకునే ఇంట్లో `Amazon` కూడా అంతే. `Computer` కాస్త పొడుగు మాట, శబ్దం కూడా తెలుగు మాటలకు దూరం. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు లేకపోతే అదే మేలు. ఇంట్లో రెండు స్పీకర్లుంటే రెండింటికీ విడివిడిగా మార్చాలి. ఒకటి మర్చిపోతే హాల్లోది పాత పేరుకే లేస్తుంది, మార్పు పనిచేయలేదని మీరు అనుకుంటారు.

విన్న ఆడియోల్లో ఉన్నది టీవీ అయితే పేరు మార్చక్కర్లేదు. స్పీకర్‌ను టీవీకి దూరంగా జరపండి.

సమస్య: పోపు వేస్తుంటే పిలిచినా వినదు

చిమ్నీ పక్కన పెట్టారేమో చూడండి. గోడ మూలన పెట్టినా మన గొంతు గోడకు తగిలి రెండుసార్లు చేరుతుంది. గోడకు కనీసం 20 సెంటీమీటర్లు వదిలి, పొయ్యికి ఎదురు వైపు పెట్టండి. మిక్సీ తిరుగుతున్నప్పుడు మాత్రం ఎక్కడ పెట్టినా లాభం లేదు. సెట్టింగ్స్‌లో స్పీకర్ వినడం మొదలుపెట్టగానే చిన్న శబ్దం చేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకుంటే పిండి చేతులతో లైటు కోసం వెనక్కి తిరిగి చూడక్కర్లేదు.

సమస్య: లేస్తుంది, కానీ రొటీన్ నడవదు

ఒక మాట అనగానే కొన్ని పనులు వరుసగా జరిగేలా యాప్‌లో ముందే పెట్టుకునేదే రొటీన్. "పప్పు పెట్టా" లాంటి తెలుగు మాటను దానికి పెట్టుకుంటే సాధారణంగా ఇదే జరుగుతుంది. స్పీకర్ ఇంగ్లిష్‌కు సెట్ అయి ఉంటే ఆ మాటను ఏదో ఇంగ్లిష్ మాటగా రాసుకుంటుంది. ఏమని రాసుకుందో పైన చెప్పిన హిస్టరీలోనే కనిపిస్తుంది. `start cooker` లాంటి రెండు ఇంగ్లిష్ మాటలు పెట్టుకోవడం తేలిక. రొటీన్‌లో మొదట వాల్యూమ్ పెంచే పని పెట్టి, చివర `Custom` కింద ఇది రాయండి:

```
set a 15 minute dal timer
```

`Custom` పని చివరనే ఉండాలి. టైమర్‌కు పేరుంటే పప్పు, అన్నం రెండూ ఒకేసారి పొయ్యి మీదున్నా ఏది మోగిందో తెలుస్తుంది. టైమర్ పెట్టాక స్పీకర్ మీది బటన్ నొక్కి మైక్ ఆపేసినా టైమర్ మోగుతుంది. చుట్టాలు వచ్చి కబుర్లు చెప్పుకునే రోజు ఇది పనికొస్తుంది.

సమస్య: కారులో "హే గూగుల్" అంటే ఫోన్ లాక్ తీయమంటుంది, లేదా అసలు పలకదు

లాక్ తీయమంటే గూగుల్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద సమాధానాలకు అనుమతి ఇవ్వలేదన్నమాట. ఇస్తే, ఫోన్ తీసుకున్న ఎవరైనా లాక్ తీయకుండానే మీ మెసేజ్‌ల లాంటివి అడగొచ్చని గుర్తుంచుకోండి. అసలు పలకకపోతే ముందు బ్యాటరీ సేవర్ ఆపి చూడండి. అయినా పలకకపోతే `Voice Match`లో మీ గొంతును మళ్లీ నేర్పండి.

కారులో మాత్రం నా మాట వేరు. ఆండ్రాయిడ్ ఆటో ఉండి, స్టీరింగ్ మీద వాయిస్ బటన్ ఉంటే దాన్ని నొక్కి పట్టుకుని మాట్లాడటమే నయం. నిద్రలేపే మాట అక్కర్లేదు కాబట్టి వెనక సీట్లో కబుర్లకు అది లేవనూ లేవదు, ఏసీ హోరులో పిలుపు వినపడలేదన్న బాధా ఉండదు. అప్పుడు డ్రైవింగ్‌లో "హే గూగుల్" ఆప్షన్‌ను పూర్తిగా ఆపేయొచ్చు. మ్యాప్‌లో ఊరు పేరు తప్పుగా వింటుంటే ఇల్లు, ఆఫీసులను `Home`, `Work`గా బయల్దేరకముందే సేవ్ చేసుకోండి. మిగతా ఊళ్లకైతే బండి కదలకముందే టైప్ చేసి పెట్టుకోవాలి.