ప్రసంగ పాఠం ఒకటి, స్లైడ్ మరొకటి చెబుతున్నప్పుడు: రెండింటినీ కలిపి నోట్సు తయారుచేయడంలో సమస్యలు, పరిష్కారాలు

కావలి దగ్గర వనామి రొయ్యల రైతులకు జరిగిన ఒక శిక్షణ ప్రసంగాన్ని నోట్సుగా మార్చే పని ఇటీవల నాకు వచ్చింది. చేతిలో ఉన్నవి మూడు: 70 నిమిషాల వీడియో, దాని నుంచి యంత్రం రాసి ఇచ్చిన సమయాంకాలతో కూడిన పాఠం, వక్త ఇచ్చిన 42 స్లైడ్లు. అంశం చెరువు నీటి గుణాలు. ఈ నోట్సులో ఒక అంకె తప్పుపడితే దాన్ని చదివిన రైతు చెరువులో తప్పు మోతాదు పోస్తాడు కనుక, ఎదురైన తేడాలను ఒక్కొక్కటిగా ఎలా పరిష్కరించానో ఇక్కడ వివరిస్తున్నాను.

సమస్య: మాటలు తమవి కాని స్లైడ్ కిందికి చేరుతున్నాయి

క్షారత గురించిన స్లైడ్ కింద మేత గురించిన మాటలు కనిపిస్తే, ముందుగా పాఠంలోని సమయానికీ స్లైడ్ మారిన సమయానికీ మధ్య ఎంత తేడా ఉందో మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్ల కొలవాలి. మూడు చోట్లా తేడా ఒకే విధంగా ఉంటే, స్వాగత వచనాలను కత్తిరించిన వీడియోను ఒక పనికీ, కత్తిరించనిదాన్ని మరో పనికీ వాడారని అర్థం; పాఠంలోని సమయాలన్నింటినీ ఆ తేడా మేరకు, పాఠం ముందుంటే వెనక్కి, వెనకుంటే ముందుకి జరిపితే సరిపోతుంది. తేడా ఒక చోట మాత్రమే ఉంటే, వక్త అక్కడ వెనుక స్లైడ్‌కు వెళ్లి వచ్చి ఉంటారు. స్లైడ్ మారిన సమయాలను చేత్తో రాసుకోవడం కష్టమైతే, వీడియోలను పరిశీలించే ffmpeg అనే సాధనానికి ఈ ఆదేశం ఇవ్వవచ్చు:

```
ffmpeg -i talk.mp4 -vf "select='gt(scene,0.1)',showinfo" -f null -
```

తెర మీద వచ్చే వరుసల్లో `pts_time` పక్కన ఉండే అంకెలు దృశ్యం మారిన క్షణాలను సెకన్లలో చూపుతాయి. స్లైడ్‌లో వాక్యాలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటే ఒకే స్లైడ్‌కు నాలుగైదు సమయాలు రావచ్చు, వక్త వెనక్కి వెళ్లినా కొత్త సమయం ఒకటి వస్తుంది. అందుచేత ఈ జాబితాను వీడియోతో పోల్చి చూడకుండా వాడకూడదు.

సమస్య: పాఠంలో కొలతలు అర్థం లేకుండా వస్తున్నాయి

"నీటిలో ఉప్పు 15 స్లైడ్ ఉన్నప్పుడు" అనే వాక్యం నా మొదటి చిత్తుప్రతిలో కనిపించింది. కారణం నేను చేసిన మార్పిడే. వక్త "ఈ పీపీటీలో చూడండి" అని తరచుగా అన్నారు కాబట్టి, పాఠమంతటా "పీపీటీ" అన్న మాటను "స్లైడ్"గా ఒకేసారి మార్చాను. అయితే లవణీయతను కొలిచే పీపీటీ, అంటే వెయ్యి భాగాలకు ఎన్ని భాగాలన్నది కూడా అదే మాట. ఇంకో చోట యంత్రం పీపీటీని పీపీఎంగా, అంటే పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలన్న కొలతగా విన్నది, దాంతో లవణీయత వెయ్యి రెట్లు తగ్గిపోయింది. కొలత ఉన్న ఏ మాటనూ మొత్తంగా మార్చకుండా, ఒక్కో చోటా ఆడియో విని మార్చాలి.

భిన్నాలు కూడా ఇలాగే పోతాయి. "ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర" అన్నది పాఠంలో "7 నుంచి 8"గా పడింది. స్లైడ్‌లో 7.5 నుంచి 8.5 అని ఉండడం వల్లనే అది దొరికింది. అందుకే పాఠంలో "నుంచి" కనిపించిన ప్రతి చోటా రెండు వైపుల అంకెలనూ ఆడియోతో సరిచూస్తున్నాను.

సమస్య: ఆడియో స్పష్టంగానే ఉంది, అయినా స్లైడ్‌తో కుదరదు

ఇక్కడ పాఠం తప్పు కాదు కాబట్టి ఆడియో వినడంతో పని తీరదు. స్లైడ్‌లో "అమ్మోనియా 0.1 పీపీఎం లోపు" అని ఉంది, వక్త "అమ్మోనియా ఒక పీపీఎం లోపు ఉంటే భయం లేదు" అన్నారు. పది రెట్ల తేడా. ఏదో ఒకటి తప్పు అనుకుని స్లైడ్ అంకెను ఉంచి మాటను కొట్టివేయాలనిపిస్తుంది, కానీ ఆ తొందర వల్ల నోట్సు చెడిపోతుంది.

నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: రొయ్యకు ఎక్కువగా హాని చేసే అయానీకరణం చెందని అమ్మోనియా ఒకటి, దానికంటే చాలా తక్కువ హాని చేసే అమ్మోనియం రెండోది. రైతులు వాడే పరీక్ష కిట్టు సాధారణంగా ఈ రెండింటినీ కలిపి మొత్తం అమ్మోనియాను చూపుతుంది. అందులో హానికర భాగం ఎంత అన్నది పీహెచ్, ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది. నీరు 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 8 ఉంటే అది మొత్తంలో దాదాపు 7 శాతం. అంటే కిట్టు 1 పీపీఎం చూపితే హానికర అమ్మోనియా 0.07 పీపీఎం మాత్రమే, అది స్లైడ్ చెప్పిన 0.1 లోపలే ఉంది. స్లైడ్ హానికర భాగాన్ని చెప్పింది, వక్త కిట్టు చూపే మొత్తాన్ని చెప్పారు. రెండూ సరైనవే, కానీ రెంటికీ ఒకటే పేరు పెట్టారు.

ఇదే లెక్కను పీహెచ్ 9 దగ్గర వేస్తే హానికర భాగం 40 శాతం దాటుతుంది, కనుక 1 పీపీఎం మొత్తానికి 0.4 పీపీఎంకు పైగా వస్తుంది, ఇది పరిమితికి చాలా ఎక్కువ. నీటిలో నాచు బాగా ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, అంటే వక్త మాటను షరతు లేకుండా నోట్సులో రాస్తే ఉదయం సరైన సలహా సాయంత్రానికి తప్పవుతుంది. అందువల్ల చివరికి నోట్సులో ఇలా రాశాను: "అయానీకరణం చెందని అమ్మోనియా 0.1 పీపీఎం మించకూడదు. కిట్టు చూపే మొత్తం అమ్మోనియా 1 పీపీఎం వరకు అనుమతించవచ్చన్నది పీహెచ్ 8 దగ్గర, 30 డిగ్రీల వద్ద మాత్రమే వర్తిస్తుంది. పీహెచ్ పెరిగితే ఈ హద్దు తగ్గుతుంది." పక్కన స్లైడ్ సంఖ్య, ప్రసంగ సమయం కూడా ఉంచాను, ఎవరైనా అనుమానిస్తే నేరుగా వెళ్లి వినవచ్చు. షరతును నేను చేర్చాను కాబట్టి అది సంపాదకుని చేర్పని గుర్తు పెట్టి, వక్తకు చూపించి ఒప్పుకోలు తీసుకున్నాను.

లెక్క వేస్తే నోరు జారిన మాట కూడా బయటపడుతుంది. స్లైడ్‌లో చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లలు అని ఉండగా వక్త "హెక్టారుకు రెండున్నర లక్షలు" అన్నారు. ఒక ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరాకు వచ్చేది దాదాపు 2.43 లక్షలు, హెక్టారుకైతే 6 లక్షలు. ఎకరం అనబోయి హెక్టారు అన్నారని స్పష్టమైంది, కనుక "ఎకరాకు" అని దిద్దాను. లెక్క ఏ వైపుకూ తేల్చని చోట మాత్రం నేను ఎంపిక చేయను. రెండు అంకెలనూ ఉంచి, స్లైడ్ సంఖ్యతో, సమయంతో వక్తకు పంపి, జవాబు వచ్చేదాకా ఆ వాక్యాన్ని పసుపు రంగులోనే వదిలేస్తాను.

సమస్య: చివరి స్లైడ్ కింద అన్నీ కలిసిపోయాయి

"ధన్యవాదాలు" స్లైడ్ తెర మీద నిలిచి ఉండగానే 20 నిమిషాల ప్రశ్నలు జరిగాయి, విలీనంలో అవన్నీ దాని కిందికి చేరాయి. ఒక్కో ప్రశ్ననూ దాని విషయం ఉన్న స్లైడ్ కిందికి మార్చి "ప్రశ్నోత్తరాల్లో" అని గుర్తు పెట్టాలి. ఆ మార్పు చేస్తున్నప్పుడే, 12వ స్లైడ్ విషయంలో ఒక రైతు అడిగిన ప్రశ్నకు వక్త "ఆ స్లైడ్ పాతది, కొత్తది పెట్టడం మరచాను" అని చెప్పి కొత్త విలువ ఇచ్చిన సంగతి దొరికింది. ప్రశ్నోత్తరాలను చివరే వదిలేసి ఉంటే పాత విలువే నోట్సులో మిగిలేది. ఇప్పుడు 12వ స్లైడ్ భాగంలో కొత్త విలువ ఉంది, పాతది అడుగున "స్లైడ్‌లో ఉన్నది, వక్త సవరించారు" అన్న వివరణతో ఉంది.