11 కేవీ ఫీడర్‌కు ఆటో రీక్లోజ్ డెడ్ టైమ్ ఎలా ఎంచుకోవాలి?

ఓవర్‌హెడ్ లైన్లలో వచ్చే ఫాల్టులు చాలావరకు తాత్కాలికమైనవే. గాలికి తాటాకు తగులుతుంది, ఉడుత ఇన్సులేటర్ ఎక్కుతుంది, రెండు తీగలు ఊగి రాసుకుంటాయి. బ్రేకర్ ట్రిప్పయి ఆర్క్ ఆరిపోతే, మళ్లీ కరెంటు ఇచ్చినప్పుడు లైను మామూలుగా నిలబడుతుంది. ఈ పని రిలే తనంతట తాను చేస్తే అది ఆటో రీక్లోజ్. ట్రిప్‌కూ రీక్లోజ్‌కూ మధ్య లైన్లో కరెంటు లేని ఆ కాసేపే డెడ్ టైమ్.

చాలామంది దీన్ని ఆర్క్ ఆరడానికి పట్టే సమయంగానే చూస్తారు. నిజానికి ఈ లెక్కలో ఆర్క్ అడిగేదే అన్నిటికన్నా తక్కువ. డెడ్ టైమ్‌ను నిర్ణయించేవి లైనుకు తగిలించి ఉన్న మిగతా వస్తువులు. వాటిని ఒక్కొక్కటిగా చూడటానికి ఒక ఊహాత్మక ఫీడర్ తీసుకుందాం. 33/11 కేవీ సబ్‌స్టేషన్, 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, రెండు మూడు ఊళ్లకూ కొన్ని బోరు మోటార్లకూ వెళ్లే 11 కేవీ ఓవర్‌హెడ్ ఫీడర్. లైను చివర ఒక చిన్న సోలార్ ప్లాంటు, సబ్‌స్టేషన్ దాటగానే వీసెల్ తీగతో ఒక బ్రాంచ్, లోపల న్యూమరికల్ రిలే, వ్యాక్యూమ్ బ్రేకర్.

1. అసలు ఈ ఫీడర్‌కు ఆటో రీక్లోజ్ పెట్టవచ్చా?

ముందుగా సబ్‌స్టేషన్ ట్రిప్పింగ్ రిజిస్టర్ తిరగేయండి. ట్రిప్ అయ్యాక ఆపరేటర్ టెస్ట్ ఛార్జ్ చేస్తే నిలబడిన సందర్భాలు ఎక్కువగా ఉంటే ఆటో రీక్లోజ్ అక్కరకొస్తుంది. లైన్లో చాలా భాగం భూగర్భ కేబుల్ అయితే పెట్టకండి. కేబుల్‌లో ఫాల్ట్ తనంతట తాను నయం కాదు, ప్రతి రీక్లోజ్ దాన్ని ఇంకాస్త కాలుస్తుంది. అలాగే సెన్సిటివ్ ఎర్త్ ఫాల్ట్ ఎలిమెంట్ ట్రిప్ చేసినప్పుడు రీక్లోజ్ జరగకూడదు. పొలంలో తెగిపడిన తీగ మీద మళ్లీ కరెంటు పంపే ప్రమాదం అక్కడే ఎక్కువ.

2. కింది హద్దు: ఆర్క్

మూడు ఫేజులూ కలిసి తెరుచుకునే బ్రేకర్లకు ఆర్క్ దారిలోని గాలి మళ్లీ తట్టుకునే స్థితికి రావడానికి పట్టే సమయాన్ని ఈ సూత్రంతో అంచనా వేస్తారు:

```
t = 10.5 + kV/34.5   (cycles, 60 Hz)
t = 10.5 + 11/34.5 = 10.8 cycles
10.8 / 60 = 0.18 s
```

ఇది 60 హెర్ట్జ్ సైకిళ్లలో రాసిన అమెరికన్ సూత్రం. మనది 50 హెర్ట్జ్ అని 50తో భాగించకండి, 60తోనే భాగించి సెకన్లలోకి మార్చుకోవాలి. అంటే 11 కేవీకి 0.2 సెకన్లు చాలు. బ్రేకర్ మీద O-0.3s-CO-3min-CO అని డ్యూటీ రాసి ఉంటే, అది కూడా 0.3 సెకన్లలోనే మళ్లీ మూసుకోగలదు. చాలామంది ఇక్కడే ఆగి 0.3 నుంచి 0.5 సెకన్ల మధ్య ఏదో ఒకటి పెట్టేస్తారు. ఆ తర్వాత రీక్లోజులు ఫెయిల్ అవుతుంటే లైను బాగాలేదని లైన్‌మన్ మీదికి తోసేస్తారు.

3. అర సెకను ఎందుకు చాలదు?

తీగలు ఊగి తగిలిన ఫాల్ట్‌నే చూడండి. తీగ వేలాడే లోతు, అంటే శాగ్, ఒక మీటరు ఉంటే ఒక ఊపు పోయి రావడానికి దాదాపు 1.8 సెకన్లు పడుతుంది. పైగా ఫాల్ట్ కరెంటు తీగలను ఒకదానికొకటి దూరంగా నెడుతుంది, బ్రేకర్ తెరుచుకోగానే అవి తిరిగి దగ్గరికి వస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు ఇస్తే కొత్త ఫాల్ట్‌ను మనమే తయారు చేసినట్టు. ఊపు తగ్గడానికి కొన్ని సెకన్లు వదలాలి. కొబ్బరిమట్ట, తాటాకు లాంటివి కిందికి జారడానికీ ఆ సమయం కావాలి.

రెండోది మోటార్లు. సప్లై పోయినా తిరుగుతున్న మోటారు కాసేపు తనే వోల్టేజీ పుట్టిస్తుంది. స్టార్టర్‌లోని నో-వోల్ట్ కాయిల్ వదిలేసేలోపు, ఆ వోల్టేజీ తగ్గేలోపు సప్లై వస్తే రెండు వోల్టేజీలు పొసగక షాఫ్ట్ మీద, వైండింగ్ మీద పెద్ద కుదుపు పడుతుంది. దీనికి కనీసం ఒక సెకను ఇవ్వడం మంచిది.

మూడోది సోలార్. లైను సబ్‌స్టేషన్ నుంచి విడిపోయినప్పుడు ఇన్వర్టర్లు 2 సెకన్లలోపు ఆగిపోవాలని ఐఈఈఈ 1547 ప్రమాణం చెబుతుంది. ఈ 2 సెకన్లలో అవి కరెంటు ఇస్తూనే ఉంటే రెండు నష్టాలున్నాయి. ఆర్క్ ఆరకుండా వెలుగుతూనే ఉండవచ్చు. లేదా మన బ్రేకర్ మూసుకునేసరికి అటువైపు వోల్టేజీ ఫేజ్ తప్పి ఎదురుపడవచ్చు. కాబట్టి సోలార్ ఉన్న ఫీడర్‌కు మార్జిన్‌తో కలిపి 3 సెకన్లకు తగ్గకూడదు. బ్రేకర్ మూసుకునే ముందు లైను వైపు వోల్టేజీ లేదని పీటీతో చూసుకునే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు.

పాత డిస్క్ రిలేలు ఇంకా ఉన్న సబ్‌స్టేషన్‌లో మరొకటి చూసుకోవాలి. డిస్క్ పూర్తి ప్రయాణం వెనక్కి రావడానికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. టైమ్ సెట్టింగ్ తక్కువైతే ఆ మేరకు ఇదీ తగ్గుతుంది. డిస్క్ సగం దారిలో ఉండగానే రీక్లోజ్ చేస్తే రెండో ట్రిప్ అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది, కింద ఉన్న ఫ్యూజ్ కాలే అవకాశమే ఉండదు.

మన ఫీడర్‌లో న్యూమరికల్ రిలే ఉంది కాబట్టి ఆ బెడద లేదు. ఇక ఆర్క్‌కు 0.2, బ్రేకర్‌కు 0.3, మోటార్లకు 1, సోలార్‌కు 3, తీగల ఊపుకు 3 నుంచి 4 సెకన్లు. వీటిని కలపకూడదు. అన్నీ ఒకేసారి జరుగుతాయి కాబట్టి పెద్దదాన్ని తీసుకుని కాస్త మార్జిన్ ఇవ్వాలి. ఈ ఫీడర్‌కు 5 సెకన్లు.

మరి ఒక నిమిషం పెడితే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. కరెంటు పోయిందనుకుని ఎవరైనా మట్టను కర్రతో లాగడానికి వచ్చేంత సమయం ఇవ్వకూడదు.

4. తీగ వేడిని విడిగా లెక్కించండి

డెడ్ టైమ్ పెంచితే తీగ చల్లబడుతుందన్నది పెద్ద అపోహ. బయట గాలిలో ఉన్న తీగ చల్లబడటానికి నిమిషాలు పడుతుంది. 5 సెకన్లలో తగ్గే వేడి లెక్కలోకి రాదు. అంటే మొదటి ఫాల్ట్ వేడి మీద రెండో ఫాల్ట్ వేడి కూడుతుంది. నష్టాన్ని ఆపేది డెడ్ టైమ్ కాదు, ట్రిప్ ఎంత త్వరగా జరిగింది, ఎన్నిసార్లు రీక్లోజ్ చేశాం అన్నవే.

వీసెల్ తీగలో అల్యూమినియం దాదాపు 31.6 చదరపు మిల్లీమీటర్లు. 75 డిగ్రీల దగ్గర మొదలై 200 డిగ్రీలు దాటకూడదనుకుంటే ప్రతి చదరపు మిల్లీమీటరుకు స్థిరాంకం సుమారు 87. బ్రాంచ్ మొదట్లో ఫాల్ట్ కరెంటు 3,000 ఆంపియర్లు అనుకుందాం:

```
(87 x 31.6)^2 = 7.56 x 10^6 A^2s
7.56 x 10^6 / 3000^2 = 0.84 s
```

ఈ తీగ 3,000 ఆంపియర్లను మొత్తం 0.84 సెకన్లే భరించగలదు. మొదటి ట్రిప్ ఇన్‌స్టంటేనియస్ ఎలిమెంట్‌తో, బ్రేకర్ తెరుచుకునే సమయంతో సహా 0.1 సెకను. రీక్లోజ్ తర్వాత ఫాల్ట్ అలాగే ఉంటే టైమ్-డిలే ఎలిమెంట్‌తో 0.5 సెకను. మొత్తం 0.6, సరిపోయింది. ఇంకోసారి రీక్లోజ్ చేస్తే 1.1 సెకన్లు, హద్దు దాటింది. పైగా బ్రేకర్ డ్యూటీ ప్రకారం రెండో రీక్లోజ్‌కు 3 నిమిషాలు ఆగాలి. ఈ రెండు లెక్కలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి మన ఫీడర్‌కు ఒక్క రీక్లోజే పెట్టి, ఆ తర్వాత లాకౌట్ చేయాలి.

ఇక్కడ ఆపరేటర్లకు ఒక మాట. రిలే లాకౌట్ అయిన వెంటనే ఫోన్లు మోగుతున్నాయని టెస్ట్ ఛార్జ్ చేస్తే మనం వద్దనుకున్న ఆ రెండో రీక్లోజ్ చేతితో చేసినట్టే. 3 నిమిషాలకైనా తీగ పూర్తిగా చల్లబడదు, కాబట్టి లైన్‌మన్ లైను చూసి వచ్చి బాగుందని చెప్పాకే చేయాలి.

5. రెండో ట్రిప్ ఎందుకు వచ్చిందో తేల్చుకోవడం

రీక్లోజ్ అయ్యాక ఇన్‌స్టంటేనియస్ ఎలిమెంట్‌ను బ్లాక్ చేయాలి. లైన్లోని ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఒకేసారి ఛార్జ్ అవడంతో వచ్చే ఇన్‌రష్ కరెంటుకు అది పొరపాటున ట్రిప్ అవుతుంది. టైమ్-డిలే ఎలిమెంట్ ఉంటే ఆలోపు ఇన్‌రష్ తగ్గిపోతుంది. ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ కలిసి లేవడం వేరే తలనొప్పి. అది ఎక్కువసేపు ఉంటుంది, దానికి పికప్ విలువను చూసుకోవాలి, డెడ్ టైమ్‌ను కాదు.

రిక్లెయిమ్ టైమ్‌ను, అంటే రీక్లోజ్ విజయవంతమైందని రిలే నమ్మి మళ్లీ మొదటికి వచ్చే సమయాన్ని, బ్రేకర్ డ్యూటీకి తగ్గట్టు 180 సెకన్లు పెట్టండి. ఈలోపు బ్రేకర్‌లోని మోటారు స్ప్రింగ్‌ను మళ్లీ ఛార్జ్ చేసుకుంటుంది. స్ప్రింగ్ ఛార్జ్ కాకపోతే రీక్లోజ్ కమాండ్ వెళ్లకుండా ఇంటర్‌లాక్ ఉందో లేదో చూడండి.

పరీక్షించేటప్పుడు ముందు లైను వేరుచేసి, రిలే టెస్ట్ కిట్‌తో ఫాల్ట్ కరెంటు ఇచ్చి, బ్రేకర్ తెరుచుకున్నప్పటి నుంచి మూసుకునేవరకు అసలు సమయం కొలవండి. కొన్ని రిలేలు ట్రిప్ ఇచ్చినప్పటి నుంచి, కొన్ని బ్రేకర్ తెరుచుకున్నాక లెక్క మొదలుపెడతాయి. 5 సెకన్ల దగ్గర ఆ తేడా పెద్దది కాదు కానీ 0.3 దగ్గర చాలా పెద్దది. ఎల్‌సీ ఇచ్చే ముందు ఆటో రీక్లోజ్ స్విచ్ ఆఫ్ చేయడం, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆఫ్‌లోనే ఉంచడం సబ్‌స్టేషన్ బోర్డు మీద రాసి పెట్టాలి.

ఒక వానాకాలం గడిచాక రిలే రికార్డులు తీసి చూడండి. రెండో ట్రిప్‌లో కరెంటు మొదటిదానికి దాదాపు సమానంగా నిలకడగా ఉంటే అది శాశ్వత ఫాల్ట్. తరంగం ఒక పక్కకు వాలి, సైకిల్ సైకిల్‌కూ తగ్గుతూ కనిపిస్తే అది ఇన్‌రష్, మార్చాల్సింది ప్రొటెక్షన్ సెట్టింగ్. కరెంటు ఫాల్ట్ స్థాయిలోనే ఉండి, లైను మొత్తం తిరిగినా ఏమీ దొరక్క, తర్వాత టెస్ట్ ఛార్జ్ నిలబడిన సందర్భాలు పదేపదే కనిపిస్తే చెట్ల కొమ్మలో మట్టలో జారేలోపే మనం మళ్లీ కరెంటు ఇస్తున్నామన్నమాట. అప్పుడు డెడ్ టైమ్‌ను 5 నుంచి 10 సెకన్లకు పెంచి మరో వానాకాలం చూడవచ్చు. అవన్నీ ఒకే స్పాన్‌లో వస్తుంటే మాత్రం సెట్టింగ్ ముట్టుకోకుండా అక్కడి కొమ్మలు కొట్టించాలి.