చిత్తూరు లింకు తెగితే పాకాల నెట్‌వర్కు ఎందుకు మందగిస్తుంది: సమస్య - పరిష్కారం

తిరుపతిలో ప్రధాన కార్యాలయం, చంద్రగిరి, పాకాలల్లో శాఖలు, చిత్తూరులో మామిడి గుజ్జు తయారుచేసే యూనిట్ ఉన్న ఒక సంస్థను తీసుకుందాం. తిరుపతి, చంద్రగిరి, పాకాల రౌటర్లు మూడూ ఒకదానికొకటి త్రిభుజంలా కలిసి ఉన్నాయి. చిత్తూరుకు మాత్రం పాకాల నుంచి ఒకే ఒక ఫైబర్ వెళ్తుంది. రౌటర్లన్నీ డిస్టెన్స్ వెక్టర్ పద్ధతికి చెందిన RIP మీద నడుస్తున్నాయి.

సమస్య

పాకాల, చిత్తూరుల మధ్య ఫైబర్ తెగినప్పుడు చిత్తూరు అందకపోవడం సహజమే. దానితో సంబంధం లేని తిరుపతి, పాకాల మధ్య పని కూడా కొన్ని నిమిషాలపాటు బాగా నెమ్మదించడమే ఇక్కడ అసలు ఫిర్యాదు. అప్పుడు తిరుపతిలోని కంప్యూటరు నుంచి చిత్తూరు సర్వరుకు `traceroute` ఇస్తే ఇలా కనిపిస్తుంది.

```
1  10.10.0.1
2  10.1.12.2
3  10.1.23.3
4  10.1.13.1
5  10.1.12.2
```

రెండో వరుసలోని పాకాల రౌటరు మళ్లీ అయిదో వరుసలో వచ్చింది. అంటే ప్యాకెట్లు పాకాల, చంద్రగిరి, తిరుపతి చుట్టూ తిరుగుతున్నాయి. TTL 64తో బయలుదేరిన ప్రతి ప్యాకెట్టూ ఆ విలువ సున్నా అయ్యేవరకు ఈ మూడు లింకులనూ పదేపదే ఆక్రమిస్తుంది కనుక, బాగున్న లింకులు కూడా నిండిపోతాయి.

కారణం

డిస్టెన్స్ వెక్టర్ రౌటరుకు నెట్‌వర్కు పటం తెలియదు. పక్క రౌటరు చెప్పిన దూరం మాత్రమే తెలుసు. లింకు తెగకముందు చిత్తూరుకు పాకాల దూరం 1, మిగిలిన రెండింటి దూరం 2. తెగగానే పాకాల ఆ దూరాన్ని 16గా, అంటే అందుబాటులో లేనిదిగా, ఇద్దరికీ ప్రకటిస్తుంది. RIP సందేశాలకు రసీదు ఉండదు. కాబట్టి చంద్రగిరికి చేరిన సందేశం తిరుపతికి వెళ్లే దారిలో పోతే, ఆ సంగతి పాకాలకు తెలియదు.

తిరుపతి తన పాత దూరం 2ను చంద్రగిరికి చెబుతుంది. చంద్రగిరి దాన్ని 3గా రాసుకుని పాకాలకు చెబుతుంది, పాకాల 4గా రాసుకుని తిరుపతికి చెబుతుంది. తన దారి పాకాల మీదుగానే కాబట్టి, దూరం పెరిగినా తిరుపతి దాన్ని 5గా ఒప్పుకోక తప్పదు. ఇలా చుట్టుకు మూడు చొప్పున పెరుగుతూ 16 చేరేవరకు ఆ దొంగ దారి బతికే ఉంటుంది. ఎవరి దగ్గర నేర్చుకున్న దారిని వారికే తిరిగి చెప్పకుండా ఆపే స్ప్లిట్ హొరైజన్ ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే మూడు రౌటర్లలో ఎవరూ ఆ నియమాన్ని మీరలేదు.

సిస్కో రౌటర్లలో దీన్ని ఆపేది హోల్డ్‌డౌన్. దారి పోయిందని విన్న చంద్రగిరి 180 సెకన్లపాటు తిరుపతి మాటను పట్టించుకోకూడదు. అందువల్ల మొదట `show running-config`లో `timers basic` వరుసను చూడాలి. త్వరగా కోలుకుంటుందని ఎవరైనా మూడో అంకెను సున్నాకు తగ్గించి ఉంటే, లూపుకు తలుపు తెరిచినట్లే.

పరిష్కారం

తక్షణం అన్ని రౌటర్లలోనూ సాధారణ విలువలను తిరిగి పెట్టాలి.

```
router rip
 timers basic 30 180 180 240
```

దీనితో లూపు ఆగుతుంది కానీ, నిజంగా వేరే దారి ఉన్నచోట కూడా రౌటరు మూడు నిమిషాలు దానిని తీసుకోదు. అందుకే ఇలాంటి త్రిభుజం ఉన్న నెట్‌వర్కును లింక్ స్టేట్ పద్ధతికి చెందిన OSPFకు మార్చడమే సరైనదని నా అభిప్రాయం. అందులో పాకాల దూరాన్ని చెప్పదు. చిత్తూరు లింకు లేని తన కొత్త లింకుల జాబితాను, అంటే LSAను, పంపుతుంది. దానికి రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. ప్రతి రౌటరూ అదే పటం మీద స్వయంగా లెక్కవేసుకుని, చిత్తూరుకు దారి లేదని తేల్చుకుంటుంది. పటాలు సమానమయ్యేలోపు క్షణకాలం లూపు రావచ్చు కానీ, 16 దాకా లెక్కపెట్టే అవస్థ ఉండదు.

మార్చిన తరువాత ఒక దృశ్యం కలవరపెట్టవచ్చు. లింకు తెగి అరగంటైనా `show ip ospf database`లో చిత్తూరు LSA కనిపిస్తూనే ఉంటుంది. అది లోపం కాదు. గడువు 3600 సెకన్లు తీరేవరకు అది నిల్వలో ఉంటుంది. అయితే పాకాల వైపు నుంచి ఆ లింకు ప్రకటన లేదు కనుక, లెక్కలో రౌటరు దాన్ని వాడదు.

OSPFలోనూ 40 సెకన్ల ఆలస్యం ఉంటే

ఫైబరుకూ రౌటరుకూ మధ్య మీడియా కన్వర్టరు ఉన్నప్పుడు, బయట ఫైబర్ తెగినా రౌటరు పోర్టు వెలుగుతూనే ఉండవచ్చు. అప్పుడు OSPF పొరుగు రౌటరు హలో సందేశాలు ఆగాక 40 సెకన్ల డెడ్ గడువు దాకా, RIP అయితే 180 సెకన్ల దాకా, లింకు పోయిందని గ్రహించలేవు. కన్వర్టరులో లింక్ ఫాల్ట్ పాస్‌త్రూ ఉంటే దాన్ని ఆన్ చేయాలి. లేకపోతే ఆ లింకు రెండు చివర్లలోనూ హలో వ్యవధి తగ్గించాలి.

```
ip ospf hello-interval 2
ip ospf dead-interval 8
```

ఒక చివర మాత్రమే మారిస్తే పొరుగు సంబంధం తెగిపోతుంది. కాబట్టి దూరంగా ఉన్న చిత్తూరు రౌటరును ముందు, పాకాలను తరువాత మార్చి, `show ip ospf neighbor`లో స్థితి `FULL` అయిందో లేదో చూడాలి.