వృత్తంపై ఒక బిందువు వద్ద వాలు కనుక్కోవడం ఎలా: y ని వేరుచేయకుండా అవకలనం చేసే పద్ధతి

ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దుతూ ఈ లెక్కలో నేను చూస్తున్న తప్పు దాదాపుగా ఒక్కటే, అది కూడా ఒకే వరుసలో జరుగుతుంది. అందువల్ల మిగిలిన దశలను త్వరగా ముగించి, ఆ వరుస దగ్గర తీరిగ్గా ఆగుతాను. ఉదాహరణకు ఈ వృత్తాన్ని తీసుకుందాం.

x² + y² − 6x + 4y − 12 = 0

దీనిపై (6, 2) అనే బిందువు వద్ద స్పర్శరేఖ వాలు కావాలి. కాగితం, కలం చాలు. చిన్న పటం మాత్రం తప్పనిసరిగా గీయాలి. వర్గాలు పూర్తిచేస్తే సమీకరణం (x − 3)² + (y + 2)² = 25 అవుతుంది కాబట్టి కేంద్రం (3, −2), వ్యాసార్ధం 5. బిందువు కేంద్రానికి కుడివైపున, పైన ఉంది. అక్కడ వృత్తం కుడికి పోయేకొద్దీ కిందికి దిగుతుంది కనుక వాలు రుణాత్మకంగా రావాలని లెక్క మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది.

మొదటి దశ: బిందువు వృత్తంపై ఉందో లేదో చూడాలి

36 + 4 − 36 + 8 − 12 = 0. ఉంది. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. చివర్లో వచ్చే వాలు సూత్రంలో −12 అనే స్థిరరాశి కనిపించదు కాబట్టి, వృత్తంపై లేని (6, 3) ని ఇచ్చినా ఆ సూత్రం ఏదో ఒక విలువ చెబుతుంది. అది అదే కేంద్రం గల వేరొక వృత్తపు వాలు, మనం అడిగిన వృత్తానిది కాదు.

రెండో దశ: ప్రతి పదాన్నీ x దృష్ట్యా అవకలనం చేయాలి

ఎడమ చేతివైపు ఏమీ రాయకుండా, ఇచ్చిన సమీకరణం కిందనే ఒక్కొక్క పదాన్నీ అవకలనం చేసుకుంటూ పోవాలి. అలవాటు కొద్దీ ముందే “dy/dx =” అని రాసుకోకూడదు. అక్కడ అవకలనం చేస్తున్నది y ని కాదు, మొత్తం సమీకరణాన్ని. x² నుండి 2x, −6x నుండి −6, −12 నుండి 0 వస్తాయి. వీటిలో ఎవరూ తడబడరు.

ఇక y². నేను చెప్పిన వరుస ఇదే. దీని అవకలజం 2y అని రాసేవారు ఎంతోమంది. y దృష్ట్యా చేస్తే అది 2y అవుతుంది, కానీ మనం x దృష్ట్యా చేస్తున్నాం. ఆ బిందువు దగ్గర y స్వేచ్ఛగా మారే చలరాశి కాదు. x కొంచెం కదిలితే, వృత్తాన్ని విడిచిపోకుండా ఉండడానికి y కూడా దానికి తగినట్లు కదలాలి. అంటే y అనేది x కు ప్రమేయం, మనం దాని సూత్రాన్ని విడిగా రాయలేదంతే. ఆ ప్రమేయాన్ని f(x) అనుకుంటే y² అంటే [f(x)]², దాని అవకలజం శృంఖల నియమం ప్రకారం 2f(x)·f′(x). తిరిగి y లో రాస్తే 2y·dy/dx.

నియమం చెబితే నమ్మకం కుదరని వారు అంకెలతో చూడవచ్చు. x ను 6 నుండి 6.01 కి జరపండి. (y + 2)² = 25 − (3.01)² = 15.9399 కాబట్టి y సుమారు 1.99248 అవుతుంది. y² విలువ 4 నుండి 3.96998 కి తగ్గింది. తగ్గుదల 0.03002, దాన్ని 0.01 తో భాగిస్తే మార్పు రేటు దాదాపు −3.002. కేవలం 2y అని రాసేవారి లెక్క ప్రకారం అది +4 కావాలి, గుర్తు కూడా కుదరదు. అదే జరుగుబాటులో y స్వయంగా మారిన రేటు దాదాపు −0.752. దాన్ని 4 తో గుణిస్తే −3.008, పైన వచ్చిన −3.002 కు పక్కనే ఉంది. x జరుగుదలను ఇంకా తగ్గించేకొద్దీ రెండూ −3 కే చేరతాయి. 2y పక్కన dy/dx ఎందుకుండాలో ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

4y విషయంలోనూ ఇదే జాగ్రత్త. y² దగ్గర గుర్తుంచుకున్నవారు సైతం, ఘాతం లేని పదం కదా అని 4y ని 4 గా రాసేస్తారు. అది 4·dy/dx. అవకలనం మొదలుపెట్టకముందే y ఉన్న ప్రతి పదం కింద గీత గీసుకోవాలి, పని ముగిశాక గీతలెన్నో dy/dx లన్ని ఉన్నాయో లేదో లెక్కపెట్టాలి. ఇది ఐచ్ఛికం కాదు. అలాగే y′ అని రాయకండి. తొందరలో ఆ చిన్న గీత చెరిగిపోయి y′ కాస్తా y అవుతుంది. లైబ్నిజ్ ఇచ్చిన dy/dx అనే రాతలో ఏది దేని దృష్ట్యా మారుతోందో అక్షరాల్లోనే ఉంటుంది.

ఇప్పుడు వరుస పూర్తిగా:

2x + 2y·dy/dx − 6 + 4·dy/dx = 0

dy/dx లు మరిచినవారికి ఇక్కడ 2x + 2y − 6 + 4 మిగులుతుంది. వాలు ఎక్కడా కనబడక, దాన్నే వాలు అనుకుని 14 అని జవాబు రాస్తారు. 14 అంటే దాదాపు నిట్టనిలువుగా పైకి లేచే రేఖ. పటం గీసుకున్నవారు ఆ జవాబును ఒప్పుకోరు.

మూడో దశ: dy/dx ను వేరుచేసి, ఆ తర్వాతే బిందువును ప్రతిక్షేపించాలి

(2y + 4)·dy/dx = 6 − 2x
dy/dx = (3 − x)/(y + 2)

(6, 2) వద్ద వాలు −3/4. అవకలనానికి ముందే x, y ల స్థానంలో అంకెలు పెడితే అన్నీ స్థిరరాశులై 0 = 0 మాత్రమే మిగులుతుంది.

సరిచూడడానికి వ్యాసార్ధం వాలు తీసుకోండి: (2 + 2)/(6 − 3) = 4/3. −3/4 తో గుణిస్తే −1, అంటే రెండు రేఖలూ లంబంగా ఉన్నాయి. ఈ లంబ ధర్మంతోనే లెక్కంతా ముగించవచ్చు కదా అంటారు కొందరు. వృత్తానికి ముగుస్తుంది, దీర్ఘవృత్తం వచ్చిన రోజున ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి దాన్ని సరిచూసుకోవడానికే వాడాలి.

ముందుగా y = −2 ± √(25 − (x − 3)²) అని వేరుచేసి అవకలనం చేయడం మరో దారి. అందులో వర్గమూలంతో కుస్తీ పట్టడమే కాక, ఏ గుర్తు తీసుకోవాలో ప్రతిసారీ నిర్ణయించుకోవాలి. మన సూత్రంలో ఆ పని y విలువే చేస్తుంది. x = 6 వద్ద వృత్తంపై (6, −6) కూడా ఉంది. అక్కడ అదే సూత్రం (−3)/(−4) = 3/4 ఇస్తుంది, కింది చాపం కుడివైపున పైకి లేస్తోందని చెబుతుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. మొత్తం వృత్తాన్ని తీసుకుంటే y అనేది x కు ప్రమేయం కాదు, ఎందుకంటే ఒకే x కు రెండు y లు ఉన్నాయి. బిందువుకు ఇరువైపులా చిన్న చాపాన్ని మాత్రమే తీసుకున్నప్పుడు అది ప్రమేయమవుతుంది, మనం చేసిన అవకలనమంతా ఆ చిన్న చాపం మీదే నిలబడింది. (8, −2), (−2, −2) ల వద్ద మాత్రం ఎంత చిన్న చాపం తీసుకున్నా, ఆ బిందువు పక్కనే ఒక x కు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు y లు ఉంటాయి. సూత్రంలో హారం y + 2 సున్నా అయ్యేది సరిగ్గా ఈ రెండు చోట్లే. అక్కడ వాలు 0 అని రాయకూడదు. స్పర్శరేఖ నిట్టనిలువుగా ఉంది, వాలు నిర్వచితం కాదు అని రాసి, x = 8, x = −2 అనే రేఖలను జవాబుగా ఇవ్వాలి.