ఇంటి ఉతుకు, 4వ పాఠం: పసిబిడ్డ కక్కిన పాలు

గత పాఠంలో నూనె మరకకు వేడినీళ్లు మేలని చెప్పుకున్నాం. పాల మరకకు మాత్రం మొదట చన్నీళ్లే వాడాలి, ఎందుకంటే పాలలోని మాంసకృత్తులు వేడి తగిలితే గడ్డకట్టి బట్ట పోగులను పట్టుకుంటాయి. బిడ్డ కక్కిన పాలు కడుపులోని ఆమ్లంతో అప్పటికే విరిగి ఉంటాయి కనుక వాటి విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

ముందుగా తరకలను చెంచా అంచుతో గీకి తీసేయండి. రుద్దితే అవి నేతలోకి దిగుతాయి. తరువాత జుబ్బాను తిరగేసి, మరక వెనుకవైపు నుంచి కుళాయి నీటిధార పడేలా పట్టుకుంటే, పాలు వచ్చిన దారినే బయటికి పోతాయి. ధార కింద తెల్లదనం ఆగిపోయాక, ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని గోరువెచ్చని నీటిలో కలిపి అరగంట నానబెట్టి, మామూలుగా ఉతకండి. ఆరిన బట్టకు ఇంకా పసుపుచాయ కనిపిస్తే ఇస్త్రీ పెట్టకుండా మళ్లీ నానబెట్టండి.

కారులో బిడ్డను కూర్చోబెట్టే పిల్లల సీటు దగ్గర కథ మారుతుంది. మా చెల్లెలి పదినెలల బాబు సూర్యాపేట దారిలో సీసాడు పాలు తాగి కక్కినప్పుడు, మేము పైగుడ్డను తడి రుమాలుతో తుడిచి ఊరుకున్నాం. రెండు రోజులు ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే పులిసిన వాసన ముఖాన కొట్టింది. గుడ్డ శుభ్రంగానే ఉంది. పాలు బకిల్ కింది సందులోకి, దాని పక్కనున్న స్పాంజిలోకి దిగి ఉన్నాయి.

కనుక పైగుడ్డ విప్పే ముందు, బెల్టులు ఏ గాడి గుండా వెళ్తున్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఊడే గుడ్డను దాని చీటీలో రాసిన ప్రకారం ఉతకవచ్చు. స్పాంజిపై నీళ్లు కుమ్మరించకండి. కొద్దిగా సబ్బునీటిలో పిండిన గుడ్డతో అద్ది, మంచినీటి గుడ్డతో మళ్లీ అద్ది, పొడి తువ్వాలుతో గట్టిగా నొక్కి తడిని పీల్చాలి. పూర్తిగా ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, తెల్లవారి వాక్యూమ్‌తో తీసేస్తే మిగిలిన వాసన తగ్గుతుంది. గాలి ఆడే నీడలో, లోపలిదాకా ఆరనివ్వండి; తడి మిగిలితే బూజు మొదలై, పాల వాసన కన్నా మొండిగా తయారవుతుంది.

బెల్టులను మాత్రం నానబెట్టడం, మిషన్‌లో వేయడం, బ్లీచ్ పూయడం కూడదు. ప్రమాదంలో బిడ్డను ఆపేది ఆ పట్టీల నేతే; అది బలహీనపడితే కంటికి కనిపించదు. మృదువైన సబ్బు తగిలించిన తడిగుడ్డతో తుడవడం వరకే చేయాలి. బకిల్‌ను నీటితో కడగవచ్చా అన్నది సీటుతో వచ్చిన పుస్తకంలో చూడండి. అనుమతి ఉన్నా లోపల సబ్బు, నూనె వేయకూడదు. ఆరాక నొక్కితే ‘టిక్’మని పడకపోతే, లేదా పట్టీ వాసన వదలకపోతే, సీటు తయారుదారు దగ్గరే ఆ భాగాన్ని కొని మార్చండి. వేరే సీటు పట్టీని దీనికి బిగించకండి.