రొయ్యల కంపెనీ ఇంగ్లిష్ రిపోర్టును భీమవరం రైతు లెక్కల్లోకి మార్చడం ఎలా?

అమెరికాలో రొయ్యలు అమ్మే ఓ కంపెనీ మూడు నెలల రిపోర్టులో ఈ వివరాలు ఉన్నాయనుకుందాం: అమ్మకాలు $12.6 మిలియన్, సరుకు 3,500,000 పౌండ్లు, సైజు 21/25, తేదీ 03/04/2025.

ముందు తేదీ తేల్చుకోండి. అమెరికా వాళ్లు నెలను ముందు రాస్తారు కాబట్టి ఇది మార్చి 4. మనం చదివితే ఏప్రిల్ 3 అవుతుంది. అనుమానం ఉంటే అదే రిపోర్టులో 03/28/2025 లాంటి తేదీ కోసం వెతకండి. 28వ నెల ఉండదు కాబట్టి వరస తెలిసిపోతుంది. తెలుగులో మాత్రం నెల పేరు అక్షరాల్లోనే రాయండి: 2025 మార్చి 4.

తరవాత అంకెలు. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. 12.6 మిలియన్ అంటే 1 కోటి 26 లక్షల డాలర్లు. కామాలు కూడా మన పద్ధతిలోకి మార్చాలి: 3,500,000 కాదు, 35,00,000. లాభం చూపే వరసలో బ్రాకెట్లో (2.4) అని కనిపిస్తే అది నష్టం. బ్రాకెట్ తీసేసి 'నష్టం' అని మాటలో రాయండి.

అసలు తిప్పలు కౌంట్ దగ్గరే, అంటే ఒక తూకానికి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సైజు లెక్క దగ్గరే. నేనొకసారి 21/25ను అలాగే వదిలేస్తే ఓ రైతు ఫోన్ చేశారు: "ఏవండీ, కిలోకి పాతిక రొయ్యలు ఎవరి చెరువులో పట్టారండి?" తప్పు నాదే. మన దగ్గర కౌంట్ కిలోకి, అక్కడ పౌండుకి. పౌండు 0.4536 కిలో కాబట్టి 21/25 అంటే కిలోకి సుమారు 46 నుంచి 55. పైగా అక్కడి సరుకు చాలావరకు తల తీసినది. రిపోర్టు అలా చెబితే 'తల తీసిన రొయ్య, కిలోకి 46–55' అని రాయండి. లేకపోతే చెరువు గట్టున తలతో తూచే కౌంటుతో పోల్చి రైతు పొరపడతాడు.

సరుకు 35 లక్షల పౌండ్లు అంటే సుమారు 1,588 టన్నులు.

రూపాయలు చివర్లో. డాలర్ 85 రూపాయలు అనుకుంటే అమ్మకాలు 107.1 కోట్లు. అమ్మకాలు మూడు నెలల పొడవునా జరిగినవి కాబట్టి ఆ మూడు నెలల సగటు రేటు తీసుకోవాలి. అప్పులు, నిల్వలకైతే లెక్కలు ముగిసిన రోజు రేటు. డాలర్ల అంకె అలాగే ఉంచి, పక్కన రూపాయలు, వాడిన రేటు రాయండి.

ఒక్కసారి సరిచూడండి. 12.6ను 3.5తో భాగిస్తే పౌండు 3.60 డాలర్లు, అంటే కిలో దాదాపు 675 రూపాయలు. 107.1 కోట్లను 15.88 లక్షల కిలోలతో భాగించినా దాదాపు అంతే రావాలి. 67 రూపాయలో 6,700 రూపాయలో వచ్చిందంటే మిలియన్ దగ్గర సున్నా జారినట్టే.